సన్నగా ఉన్నా హెచ్‌డీఎల్ 33, ట్రైగ్లిజరైడ్లు 245: తప్పు అన్నానిదా, పుట్టుకదా?

కూకట్‌పల్లి_కోడర్
ఆఫీసు హెల్త్ చెకప్‌లో వచ్చిన నంబర్లివి. వయసు 34, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, సిగరెట్ లేదు. టోటల్ కొలెస్ట్రాల్ 186, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 33, తక్కువట. రక్తంలో తిరిగే కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు 245, ఎక్కువట. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 104. ఎల్‌డీఎల్ బాగుంది, కాస్త వాకింగ్ చెయ్యి చాలని చెకప్ డాక్టర్ అన్నారు. కానీ నాన్నకి 49 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, ఆయనా సన్నగానే ఉండేవారు. అన్నం వల్లే ఇదంతా అని తమ్ముడు, వంశంలోనే ఉంది ఏం చేస్తాం అని అమ్మ. ఎవరిది రైటు?

గోదారి_అత్తయ్య
బాబూ, అంత పొడుగుకి 66 కిలోలంటే పీలగా ఉన్నట్టే. ముందు ఒంటికి కాస్త పట్టేలా తిను. పొద్దున్నే రెండు చక్రకేళీలు, గ్లాసుడు పాలు, మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి. మా అబ్బాయి ఇలాగే ఆరు కిలోలు పెరిగాడు.

కూకట్‌పల్లి_కోడర్
అత్తయ్యగారూ, నేనడిగింది బరువు పెరగడం గురించి కాదండీ 🙂 సన్నగా ఉండి కూడా రక్తంలో కొవ్వు ఎందుకిలా ఉందని.

అన్నం_బంద్
మీ తమ్ముడే రైటు బ్రో. మనవాళ్లు తినేది మూడు పూటలా పిండిపదార్థమే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం, మధ్యలో చక్కెర టీ, బిస్కెట్లు. ఒళ్లు వాడుకోగా మిగిలిందాన్ని లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, అదే ట్రైగ్లిజరైడ్. నేను అన్నం, చపాతీ, చక్కెర అన్నీ మానేశాను. ట్రైగ్లిజరైడ్లు 310 నుంచి 95కి దిగాయి, హెచ్‌డీఎల్ 34 నుంచి 46కి ఎక్కింది. నూనె, నెయ్యి, గుడ్లు ఎంతైనా తింటాను. వంశం, జీన్స్ అనేవి డాక్టర్లు చేతులెత్తేసినప్పుడు చెప్పే మాటలు.

ల్యాబ్_పంతులు
నేను మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్తాను. పైన అన్నం_బంద్ తమ్ముడు ట్రైగ్లిజరైడ్ గురించి చెప్పింది చాలావరకు నిజం, కానీ ఆయన ఎల్‌డీఎల్ మాత్రం చెప్పలేదు. అదెంతుంది తమ్ముడూ?

ఇక కోడర్ గారి విషయానికొస్తే, ముందు ఆ “సన్నగా” అన్న మాట దగ్గరే ఆగాలి. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 22.3. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒకే పేజీలో ఒక ఫొటో వచ్చింది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3, అచ్చం మీదే. స్కాన్ చేస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తూకం ఒకటే, లోపలి సరుకు వేరు. మనవాళ్లలో కండ తక్కువ, ఆ తక్కువైన చోట కొవ్వు ఉంటుంది, అదీ ఎక్కువగా పొట్ట లోపల, లివర్‌లో. చేతులూ కాళ్లూ సన్నగా ఉంటాయి కాబట్టి అద్దంలో తెలియదు.

తిన్న పిండిపదార్థంలో పెద్ద వాటా వెళ్లి నిల్వ ఉండాల్సింది కండలో. కండ తక్కువై, దానికి పనీ లేకపోతే ఆ భారమంతా లివర్ మీద పడుతుంది. లివర్ దాన్ని కొవ్వు చేసి పెద్దపెద్ద రేణువుల్లో రక్తంలోకి పంపుతుంది. మీ 245 అదే. ఇప్పుడు హెచ్‌డీఎల్ సంగతి. ఆ కొవ్వు రేణువులు రక్తంలో తిరుగుతూ తమ ట్రైగ్లిజరైడ్‌ని హెచ్‌డీఎల్‌కి ఇచ్చి దాని కొలెస్ట్రాల్‌ని తీసుకుంటాయి. అలా మారిన హెచ్‌డీఎల్‌ని లివర్ ఎంజైము చిన్నగా చేసేస్తుంది, ఆ చిన్నవి త్వరగా ఒంట్లోంచి పోతాయి. అంటే 33, 245 రెండు వేర్వేరు జబ్బులు కావు, మొదటిది రెండోదాని వెనకే వచ్చింది.

ఎల్‌డీఎల్‌కీ ఇదే మార్పిడి జరుగుతుంది, అందుకే మీ 104ని చూసి నేను ఊరుకోను. ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై, ఒక్కోదాంట్లో కొలెస్ట్రాల్ తగ్గుతుంది. షేర్ ఆటోలో పదిమంది ఎక్కే చోట నలుగురే ఎక్కితే, అంతమందినే దించడానికి ఆటోలు ఎక్కువ కావాలి. రిపోర్టులో 104 అన్నది మనుషుల లెక్క, రక్తనాళం గోడకి తగిలేది ఆటోల లెక్క. పైగా ఆ 104ని చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు. 186లోంచి 33 తీసేసి, ట్రైగ్లిజరైడ్‌లో ఐదో వంతు 49 తీసేస్తే మిగిలింది 104. మీ రిపోర్టులో అచ్చు వేయని నంబరు ఒకటుంది: 186లోంచి 33 తీస్తే 153. నాన్ హెచ్‌డీఎల్ అంటాం. 130 దాటితే నేను తేలిగ్గా తీసుకోను, అదీ నాన్నకి 49కే వచ్చిన ఇంట్లో. అపోబీ అనే పరీక్ష చేయిస్తే ఆటోల లెక్క నేరుగా తెలుస్తుంది.

అన్నం_బంద్
ఎల్‌డీఎల్ 178. కానీ ట్రైగ్లిజరైడ్ తక్కువ ఉంటే ఎల్‌డీఎల్ ఎంతున్నా పర్లేదని మా గ్రూపులో అంటారు.

ల్యాబ్_పంతులు
మీ గ్రూపు ఏమన్నా రక్తనాళం వినదు కదా తమ్ముడూ. పిండి తగ్గించడం మంచిదే, ఆ చోటు నెయ్యితో నింపడంతోనే వచ్చింది చిక్కు. పప్పు, పెరుగు, చేప, పల్లీలు, కూరలతో నింపి చూడండి, మూడు నెలల తర్వాత ఆ 178 ఎక్కడుందో చెప్పండి.

కడప_కుర్రోడు
అసలు కారణం ఎవరూ చెప్పట్లేదు. బ్రిటిషోళ్ల కాలంలో వరస కరువులు. మా సీమలో 1876 నాటి ధాత కరువు గురించి ఇప్పటికీ పెద్దోళ్లు చెప్తారు. కొవ్వు దాచుకునే ఒళ్లున్నోళ్లే బతికారు, వాళ్ల పిల్లలం మనం. ఇప్పుడు తిండి దొరికేసరికి ఆ ఒళ్లే మన మీద తిరగబడింది.

పల్లెసర్వే
అన్నా, ఈ వాదన వినడానికి బాగుంటుంది గానీ, ఐదారు తరాల్లో జీన్స్ అంతలా మారడం కష్టం. పైగా కరువులు ఐర్లండ్‌లోనూ, చైనాలోనూ వచ్చాయి. తల్లి కడుపు దారి వేరు, దానికి ఆధారాలున్నాయి. పుణే దగ్గర పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్ సౌతాంప్టన్ పిల్లలతో పోల్చారు. మన పిల్లల బరువు సగటున 2.7 కిలోలు, అక్కడ 3.5. అంత తక్కువ బరువులోనూ చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు, తగ్గింది కండ, పొట్టలోని అవయవాలు. అంటే “సన్నటి లావు” పుట్టుకతోనే మొదలైంది.

మన దగ్గరి ముచ్చట ఒకటి చెప్తా. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో కొన్నింట గర్భిణులకి, చిన్నపిల్లలకి అంగన్‌వాడీలో వండిన ఉప్మా పెట్టారు, మక్కజొన్న సోయా కలిపిన పిండితో. మిగతా ఊళ్లలో అప్పటికింకా పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక పరీక్షలు చేస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. కానీ కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ నంబర్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి కడుపులో తిండే అంతటికీ కారణమని నేనూ గట్టిగా అనలేను.

ఎడిసన్_ఎన్నారై
నా కేసు చెప్తా. నాకు 41కి స్టెంట్ పడింది, న్యూజెర్సీలో. ట్రైగ్లిజరైడ్ 120, హెచ్‌డీఎల్ 44, రోజూ రన్నింగ్. ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత లైపోప్రొటీన్ ఎ అనే రక్తపరీక్ష చేయిస్తే చాలా ఎక్కువ వచ్చింది. ఈ పొట్టా కొవ్వూ గోల వదిలేసి అందరూ ముందు అది చేయించుకోండి.

ల్యాబ్_పంతులు
మీది వేరే దారి సార్. అది దాదాపు పూర్తిగా వంశం నుంచే వస్తుంది, అన్నం మానినా పరిగెత్తినా కదలదు. అలాగని కోడర్ గారి 245కి అది కారణం కాదు. కానీ నాన్నకి 49కే వచ్చింది కాబట్టి జీవితంలో ఒక్కసారి ఆ పరీక్ష చేయించడం న్యాయమే. ఒక ఇంట్లో రెండూ ఉండొచ్చు.

కూకట్‌పల్లి_కోడర్
హెచ్‌డీఎల్ పెంచడానికి మాత్రలు ఉంటాయి కదా, అవి వాడితే సరిపోదా? ఇంకో డౌటు, మా ఫ్రెండ్ వీకెండ్ బీరు తాగితే హెచ్‌డీఎల్ పెరుగుతుందన్నాడు.

ల్యాబ్_పంతులు
ఈ మాత్రల కథ బాగా దెబ్బతిన్న కథ. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని గట్టిగా పెంచింది, తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువయ్యేసరికి 2006లో ట్రయల్ ఆపేశారు. నయాసిన్ అనే మందుతో కూడా పెంచి చూశారు, 2011లో ఒక ట్రయల్, 2014లో ఇంకోటి. అప్పటికే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతున్నవాళ్లకి అదనంగా గుండెపోట్లేం తగ్గలేదు. 33 అన్నది లోపలి గొడవకి గుర్తు, గుర్తుని చెరిపేస్తే గొడవ పోదు. బీరు విషయంలో మీ ఫ్రెండ్ సగమే చెప్పాడు. హెచ్‌డీఎల్ కాస్త పెరుగుతుంది, ట్రైగ్లిజరైడ్ ఇంకా పెరుగుతుంది, లివర్‌కి పని పెరుగుతుంది.

నడుము కొలిచారా? ప్యాంటు సైజు చెప్పొద్దు, అది పొట్ట కిందకి జారుతుంది. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, చొక్కా తీసి, ఊపిరి వదిలాక టేపు పెట్టండి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఆడవాళ్లకి 80.

కూకట్‌పల్లి_కోడర్
ప్యాంటు 32. టేపు పెడితే 93 వచ్చింది. రెండుసార్లు చూశాను.

ల్యాబ్_పంతులు
చూశారా. అయితే ఒక లివర్ స్కాన్, థైరాయిడ్, మూడు నెలల షుగర్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ మందగించినా ట్రైగ్లిజరైడ్ ఇలాగే ఎక్కుతుంది. లిపిడ్ మళ్లీ చేయించేముందు మూడు రోజులు బీరు ఆపండి, ముందురోజు పెళ్లి భోజనం వద్దు, 12 గంటలు పస్తు. వాకింగ్ మంచిదే గానీ మీ లోటు కండలో ఉంది, వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తండి. ఇప్పుడే స్టాటిన్ మొదలుపెట్టాలా అన్నది అపోబీ చూసి గుండె డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. నేనైతే మొదలుపెట్టేవైపే మొగ్గుతాను, మా కాలేజీలో కార్డియాలజిస్టు మిత్రుడు 40 దాకా ఆగుదామంటాడు. గుండె రక్తనాళాల కాల్షియం స్కాన్‌లో సున్నా వచ్చిందని మాత్రం నిశ్చింతగా ఉండకండి. మీ వయసులో పూడికలో ఇంకా సున్నం చేరి ఉండదు.

పల్లెసర్వే
అన్నం పార్టీకి ఒక ప్రశ్న. 1991లో అచ్చైన ఒక అధ్యయనంలో లండన్ సౌతాల్‌లోని మనవాళ్లని పరీక్షించారు, అక్కడ ఎక్కువమంది పంజాబీలే, రొట్టె తినేవాళ్లు. అయినా అక్కడి తెల్లవాళ్లతో పోలిస్తే అదే తీరు: ట్రైగ్లిజరైడ్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, ఇన్సులిన్ ఎక్కువ, పొట్ట ఎక్కువ. అన్నమే దోషమైతే వాళ్లకెందుకు వచ్చింది?

అన్నం_బంద్
గోధుమ కూడా పిండేగా. చపాతీ కూడా మానేశానని పైనే రాశాను.

పల్లెసర్వే
లండన్ తెల్లవాళ్లు మాత్రం బ్రెడ్డూ, బంగాళాదుంపలూ తినట్లేదా? అదే పిండి వాళ్ల కండలోకి వెళ్లి, మన లివర్‌లోకి ఎందుకొస్తోందన్నదే ఇక్కడి ప్రశ్న.

అన్నం_బంద్
సరే, ఎందుకొస్తోందో మీరు తేల్చండి. లివర్‌లోకి వస్తోందని మీరే ఒప్పుకున్నారు కాబట్టి నేనైతే పిండి తగ్గించే ఉంచుతా. నెయ్యి సంగతి పంతులుగారు చెప్పినట్టు చూస్తాను.