‘స్థానబలిమి’ నెపోలియన్‌కు వర్తిస్తుందా?

సుధ: “స్థానబలిమి గాని తన బల్మి గాదయా” అన్న వేమన పద్యాన్ని 1812లో రష్యా మీదికి వెళ్ళి చితికిపోయిన నెపోలియన్ సైన్యానికి అన్వయించడం చూశాను. వాళ్ళను చంపింది చలి కదా, అది స్థానబలిమి ఎలా అవుతుంది?

మూర్తి: నిజమే, చలే చంపింది. మంచు పడకముందే మాస్కో చేరి ఉంటే గెలిచేవాళ్ళు.

రంగారావు: మంచు పడకముందే చేరారు మూర్తిగారూ, సెప్టెంబరు 14న. జూన్ 24న రష్యా సరిహద్దులోని నీమన్ నది దాటిన ప్రధాన సైన్యం నాలుగు లక్షల పైమాట, మాస్కోలో అడుగుపెట్టింది దాదాపు లక్ష. దారి కాపలాకు కొందరు ఆగిపోయారు, బొరొదినో యుద్ధంలో కొందరు పోయారు. ఎండ, ఆకలి, విరేచనాలు, టైఫస్ జ్వరం కూడా ఆ వేసవిలోనే సైన్యాన్ని తినేశాయి.

దూరం ఏం చేస్తుందో లెక్క వేసి చూడండి. నాలుగు గుర్రాల బండి టన్ను సరుకు లాగుతుందనుకుందాం. గుర్రానికి రోజుకు 9 కిలోల మేత, నాలుగింటికి 36. రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున 350 కిలోమీటర్లు పోవడానికి 14 రోజులు, రావడానికి 14. మేతే 1,008 కిలోలు! సైనికుడికి ఒక్క రొట్టె కూడా మిగలదు. మాస్కో 900 కిలోమీటర్ల పైనే. కాబట్టి దారిలోని ఊళ్ళ మీద పడి తెచ్చుకోవాలి, వాటినేమో రష్యన్లు వెనక్కి తగ్గుతూ తగలబెట్టారు. పచ్చి రై పైరు మేసి, కుండపోత వానకు తడిసి, జూన్ ఆఖరుకే దారిలోని విల్నా నగరం దగ్గర వేల గుర్రాలు చచ్చాయి.

పద్మజ: మా అమ్మాయికి బళ్ళో ఈ పద్యం చెప్పారు. ‘బల్మి’ అచ్చుతప్పా అండీ?

సుధ: కాదండీ, బలిమే. ఆటవెలది గణాల కోసం కుదించారు.

రంగారావు: చలి పని తిరుగు దారిలో మొదలైంది. అక్టోబరు 19న మాస్కో వదిలారు, నవంబరు 6న మంచు గట్టిగా పడింది. చాలా గుర్రాల నాడాలకు మంచు మీద పట్టునిచ్చే మేకులు లేవు. ఎక్కుడులో జారి పడ్డ బక్కగుర్రం మళ్ళీ లేవదు, దాంతో ఫిరంగిని అక్కడే వదిలెయ్యాలి. బెరెజినా నది దగ్గర మాత్రం చలి తగ్గడమే ముప్పయింది. నది గట్టిగా గడ్డకట్టి ఉంటే నడిచి దాటేవాళ్ళు, అది కరగడంతో నీళ్ళలో దిగి వంతెనలు కట్టాల్సి వచ్చింది.

సలీం: మంగోలులు 1237–38 శీతాకాలంలోనే రష్యాను గెలిచారు. గడ్డకట్టిన నదులే వాళ్ళకు బాటలు. వాళ్ళ గుర్రాలు డెక్కలతో మంచు తవ్వుకుని కింది గడ్డి మేస్తాయి.

సుధ: అయితే చలి ఎవరి పక్షమూ కాదు. దూరాన్నే స్థానబలిమి అనుకోవచ్చా?

రంగారావు: నాకు పూర్తిగా అతకదనిపిస్తోంది. తరుముతూ వచ్చిన రష్యా సేనాపతి కుతూజోవ్ సైన్యం కూడా విల్నా చేరేసరికి సగానికి పైగా తరిగిపోయింది, అదీ సొంత నేల మీద. పద్యంలో మొసలికి నీళ్ళలో ఏమీ కాదు కదా.

మూర్తి: తరిగినా, కుతూజోవ్‌కు వెనకనుంచి కొత్త దళాలు వచ్చే వీలుంది. నెపోలియన్‌కు అది లేదు. నేను దాన్నే స్థానబలిమి అంటాను.