అప్‌డేట్: సోలార్ డ్రయ్యర్ పేటెంట్ క్లెయిములు

నా ప్రశ్న: "మిర్చి ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్‌కి క్లెయిముల డ్రాఫ్ట్ వచ్చింది. ఫైల్ చేసేముందు అందులో ఏం చూసుకోవాలి?"

అప్‌డేట్: క్లెయిములంటే మనకు హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు. పేటెంట్ ఏజెంటు గారితో కూర్చుని వాటిని తిరగరాశాం. ఒకటో క్లెయిములో "తగినంత వేడి" అని ఉంది. ఎంతైతే తగినంత? వివరణలో 50 నుంచి 60 డిగ్రీలని రాసుంది కాబట్టి అదే పెట్టాం.

అసలు గొడవ "ఏ వ్యవసాయ ఉత్పత్తినైనా" అన్నదానితో. వివరణలో ఉన్నది మిర్చి ఒక్కటే. పేటెంట్ల చట్టం సెక్షన్ 10(5) ప్రకారం, వివరణలో వెల్లడించినదాని మీదే క్లెయిము నిలబడాలి. పసుపు కూడా కావాలంటే దాని ఉదాహరణ ఇప్పుడే చేర్చాలి. వివరణ, క్లెయిములు కలిసిన పూర్తి స్పెసిఫికేషన్ ఫైలయ్యాక కొత్త విషయం కలపనివ్వరు.

మూడో క్లెయిము "ఆ ఫ్యాను గాలిని కదిలించును" అంటుంది. ఫ్యాను ఇంకేం చేస్తుంది మరి! దాని బదులు, బయటికెళ్లే గాలిలో తేమ తగ్గగానే ఫ్యాను వేగం తగ్గించే సెన్సరును రాశాం. ఒకటోది పడిపోయినా ఇది నిలబడే అవకాశముంది.