చిన్న ʲ రాయాలా, పూర్తి j రాయాలా?

మాధవి: రష్యన్ రికార్డింగ్ ఒకటి, ఉచ్చారణను రాసే అంతర్జాతీయ లిపి ఐపీఏలో రాస్తున్నాను. 'ఎగరడం' అనే మాట, 'నీళ్లు పోస్తాడు' అనే మాట రెండూ నాకు 'పల్యోత్' అనే వినిపిస్తున్నాయి. ఒక ఫ్రెండ్ రెంటికీ [lʲ] రాయమంటోంది, ఇంకొకరు [lj] అంటున్నారు. ఏది రాయాలి? చెవితో ఎలా పోల్చుకోవాలి?

కిరణ్: యకారం ఎంతసేపు వినిపిస్తుందో చూడండి. పొట్టిగా ఉంటే పైన చిన్న ʲ, పొడుగ్గా ఉంటే మామూలు j. పైకెక్కించి చిన్నగా రాశారంటే మోతాదు తక్కువనే కదా.

వేంకటరమణ: కిరణ్ గారు చెప్పిన నిడివి గుర్తు పనికొస్తుంది, కానీ ʲ అంటే 'కొంచెం య' కాదు. l కోసం నాలుక కొన పళ్ల వెనక ఆని ఉన్నప్పుడే, నాలుక నడుము 'ఇ' పలికేటప్పటిలా అంగిలి వైపు లేచి ఉందని దాని అర్థం. రెండు పనులూ ఒకేసారి. j రాస్తే మాత్రం హల్లు అయిపోయాక ఇంకో ధ్వని విడిగా ఉందని చెబుతున్నట్టు.

అందుకే మీరు అడగాల్సినవి రెండు ప్రశ్నలు. హల్లు మెత్తబడిందా, అంటే దాన్ని పలికేటప్పుడే నాలుక నడుము లేచిందా? దాని తర్వాత య ఉందా? మొదటిదానికి ఆధారం హల్లులోనూ దాని ఎడమవైపూ దొరుకుతుంది, రెండోదానికి కుడివైపు. మీ జతలో రెండు మాటల్లోనూ l మెత్తనిదే, తేడా అంతా ఆ తర్వాతే:

```
ఎగరడం          [pɐˈlʲɵt]
నీళ్లు పోస్తాడు   [pɐˈlʲjɵt]
```

ధ్వనిని బొమ్మగా చూపించే ప్రాట్ ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. ఫార్మెంట్లంటే నోటి ఆకారాన్ని బట్టి బలంగా మోగే పౌనఃపున్యాలు; వాటి గరిష్ఠ పరిమితి ఆడగొంతుకు 5500 హెర్ట్జ్, మగగొంతుకు 5000 పెట్టుకోండి. l నుంచి అచ్చులోకి రెండో ఫార్మెంట్ ఎలా వెళ్తోందో చూడాలి. మొదటి మాటలో l వదిలిన క్షణం నుంచే అది కిందికి జారుతుంది. రెండోదానిలో కాసేపు పైనే నిలబడి, అప్పుడు దిగుతుంది. ఆ నిలబడిన మెట్టే j. మగగొంతులో అది సుమారు 2000 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది.

చెవితోనైతే l పూర్తయిన చోట కోసి, మిగిలింది వినండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. జారుడు ముక్క ఒక్కటే విన్నా 'య' లాగే ఉంటుంది, కాబట్టి [lʲɵ]లో కూడా య ఉందనిపిస్తుంది. ఒక్క మాట విని తేల్చకండి. అదే మనిషి, అదే వేగంతో పలికిన రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి వినండి. గబగబా మాట్లాడితే మెట్టు కుంచించుకుపోతుంది, అప్పుడు కిరణ్ గారి గుర్తు పనిచెయ్యదు.

లలిత: ఇది మనకు కొత్తేమీ కాదు కదా! 'సత్యం'లో త్య, రష్యన్ మెత్తని త రెండూ ఒకటే. మనం త కింద య వత్తు రాస్తాం, వాళ్లు t పక్కన పైన రాస్తారు.

శ్రీనివాస్: కాదండీ లలిత గారూ. 'సత్యము'లో గణం కట్టి చూడండి. స గురువు, త్య లఘువు, ము లఘువు, భగణం. త్య అనేది మెత్తని ఒంటి హల్లే అయితే స లఘువుగా మిగిలేది. వెనక అక్షరాన్ని గురువు చేస్తోందంటే అక్కడ రెండు హల్లులున్నట్టే. పైగా మనం మామూలుగా 'సత్త్యం' అని త మీద ఆగి, తర్వాత య అంటాం. వత్తు కింద రాయడం లిపి పద్ధతి, రెండూ ఒకేసారి పలుకుతామని కాదు.

లలిత: 'సత్త్యం' అని నెమ్మదిగా అనుకుని చూశాను. నిజమే, య వేరుగా వస్తోంది.

ఫాతిమా: నాది వేరే ఇబ్బంది. రష్యన్ పాటలు నేర్చుకుంటున్నాను. 'సోదరుడు' అంటే బ్రాత్, 'తీసుకోవడం' అంటే మెత్తని త చివరనున్న మాట. అది నాకు ఎప్పుడూ 'బ్రాచ్' అనే వినిపిస్తుంది. మా టీచరేమో చ కాదంటారు. మాట చివర్లో కుడివైపు ఏమీ ఉండదుగా, ఎలా?

వేంకటరమణ: మీ చెవి తప్పేమీ కాదు. రష్యన్ మెత్తని త వదిలేటప్పుడు 'స్' లాంటి గాలి రాపిడి వస్తుంది, అందుకే చ అనిపిస్తుంది. అంత సూక్ష్మంగా రాయాలంటే [bratsʲ] అనీ రాయొచ్చు, మామూలుగా [bratʲ] చాలు.

ఇక్కడ ఎడమవైపు చూడాలి. [brat]లో 'ఆ' చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. [bratʲ]లో నాలుక ముందే లేవడం మొదలుపెడుతుంది, దాంతో 'ఆ' చివర రెండో ఫార్మెంట్ పైకి వంగుతుంది. ఆ చివరి ముక్క మాత్రమే కోసి వింటే 'ఆయ్' అన్నట్టుంటుంది. అలా వినపడగానే [brajtʲ] రాసేయకండి. నేనూ మొదట్లో పేజీలకు పేజీలు అలాగే రాసి, తర్వాత కొట్టేసుకున్నాను. ఆ వంపు హల్లుదే, విడిగా అక్కడ యకారం లేదు.

సుధీర్: టైపింగ్ గురించి ఒక మాట. వర్డ్‌లో j కొట్టి సూపర్‌స్క్రిప్ట్ చేస్తే కాపీ చేసినప్పుడు మామూలు j అయిపోతుంది. అలా నా ఫైల్లో [lʲ] లన్నీ [lj] గా మారిపోయాయి. ʲ అనే అక్షరమే U+02B2, పెదవుల గుండ్రానికి రాసే ʷ అయితే U+02B7. పాత పుస్తకాల్లో హల్లుకు చిన్న కొక్కెం తగిలించి ఉంటుంది, 1989లో కీల్ సమావేశం తర్వాత దాని బదులు ʲ వచ్చింది.

కిరణ్: సరే, ʲ సంగతి ఒప్పుకుంటాను. మరి [kʷ], [kw] కూడా ఇంతేగా? ఎడమవైపు అచ్చులో పెదవులు గుండ్రమైతే ʷ, లేకపోతే w.

వేంకటరమణ: అక్కడ ఈ సూత్రం నిలవదు. పెదవుల గుండ్రం ఎక్కువగా హల్లు వదిలే దగ్గరే పోగవుతుంది, ఎడమవైపు అచ్చులో ఏమీ కనపడకపోవచ్చు. వదిలిన క్షణంలో వచ్చే టక్ శబ్దం పౌనఃపున్యం తగ్గుతుంది, 'ఈ' ముందు ఇది బాగా తెలుస్తుంది. కానీ విడిగా w ఉన్నా పెదవులు ముందే సిద్ధమవుతాయి కాబట్టి అప్పుడూ తగ్గుతుంది. ముఖం వీడియో ఉంటే కొంత నయం. శబ్దం ఒక్కటే ఉంటే నేను తేల్చి చెప్పలేను.

శ్రీనివాస్: అలాంటప్పుడే ఛందస్సు ఆదుకుంటుంది. లాటిన్‌లో నీటికి 'ఆక్వా' అంటారు, నిజానికి మొదటి అ హ్రస్వమే. పద్యాల్లో ఆ మొదటి అక్షరం లఘువుగానే నడుస్తుంది. అంటే అది [kʷ].

వేంకటరమణ: లాటిన్‌లో 'పత్రిస్' లాంటి మాటల్లోనూ మొదటి అక్షరం లఘువు కావొచ్చు కదండీ. అక్కడ త, ర రెండు హల్లులని అందరూ ఒప్పుకుంటారు.

శ్రీనివాస్: అక్కడ కవికి వెసులుబాటుంది, గురువుగానూ వాడుకోవచ్చు. ఆక్వాలో అలా వాడడం చాలా అరుదు. ఆ తేడాకు విలువ లేదంటారా?

వేంకటరమణ: ఉంది. ఆ భాష దాన్ని ఒక యూనిట్‌గా లెక్కపెట్టిందని చెబుతుంది, గీతల మధ్య /kʷ/ రాయడానికి నాకు అభ్యంతరం లేదు. పెదవులు ఏ క్షణంలో గుండ్రమయ్యాయో మాత్రం పద్యం చెప్పదు. చదరపు బ్రాకెట్లలో ఎలా రాయాలన్నది నా దృష్టిలో ఇంకా తేలలేదు.

శ్రీనివాస్: నేను ఒప్పుకోను, కానీ మాధవి గారి ప్రశ్న దారి తప్పుతోంది.

మాధవి: లేదండీ, ఉపయోగపడింది. రెండో మాటలో మెట్టు స్పష్టంగా కనిపించింది, మొదటిదానిలో లేదు. ఇప్పుడు ఇంకో జత దగ్గర ఆగాను. 'కూర్చున్నాడు' [sʲel] సరే. 'తిన్నాడు' అన్నప్పుడు ఒకరి స మెత్తగా, ఇంకొకరిది గట్టిగా అనిపిస్తోంది.

వేంకటరమణ: రెండు ఉచ్చారణలూ ఉన్నాయి, పాత పద్ధతిలో మెత్తనిదే. ఎవరిది వారికి [sʲjel], [sjel] అని విడిగా రాయండి. స బుసను మాత్రమే కోసి, అదే మనిషి పలికిన [sʲel]లోని స తోనూ, 'తోట' అనే [sat]లోని స తోనూ పోల్చి వినండి.

మాధవి: విన్నాను. ఇద్దరిది తేలిపోయింది. మూడో ఆమె బుస రెంటికీ మధ్యలో ఉంది, నాలుగుసార్లు విన్నా ఒకసారి అటు, ఒకసారి ఇటు అనిపిస్తోంది. ఆ వరుస పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.