“అసౌకర్యం కలిగి ఉంటే చింతిస్తున్నాము”: ఈ జవాబును ఎలా తిరగరాయాలి?

అడిగినవారు, మొగల్రాజపురం, విజయవాడ:
మా బావగారికి బెంజి సర్కిల్ దగ్గర భోజన హోటల్ ఉంది. గూగుల్‌లో వచ్చే సమీక్షలకు ఆయన రాసే జవాబులను నేను దిద్దిపెడుతుంటాను. మొన్న ఒకరు రెండు నక్షత్రాలు ఇచ్చి ఇలా రాశారు: “ఆదివారం మధ్యాహ్నం నలుగురం వెళ్లాం. గోంగూర మటన్ 45 నిమిషాలకు వచ్చింది, నోట పెట్టలేనంత ఉప్పు. ఆ మాట చెబితే ‘అందరూ తింటున్నారు కదండీ’ అన్నాడు సర్వర్.” బావగారు రాసుకున్న జవాబు ఇది: “నాణ్యత విషయంలో మేము రాజీపడము. ఆదివారం రద్దీ సహజము. అయినప్పటికీ మీకు అసౌకర్యం కలిగి ఉంటే చింతిస్తున్నాము.” ఇందులో అమర్యాద ఏమీ లేదు, కాని చదివినవారికి ఒళ్లు మండేలా ఉంది. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

కళాశాల విద్యార్థి, గుంటూరు:
“చింతిస్తున్నాము” అనేది రైల్వే ప్రకటనల భాష. దాని స్థానంలో “క్షమించండి” అని పెడితే సరిపోతుందని నా అభిప్రాయం.

విశ్రాంత ప్రూఫ్ రీడర్, అరండల్‌పేట, గుంటూరు:
బాబూ, మీరన్నది కొంతవరకే నిజం. “అసౌకర్యం కలిగి ఉంటే క్షమించండి” అని చదివి చూడండి, మంట తగ్గదు. అసలు చిక్కు “ఉంటే” దగ్గర ఉంది. ఆయన ఉప్పు ఎక్కువైందని స్పష్టంగా చెప్పిన తరువాత కూడా “కలిగి ఉంటే” అనడం, మీ మాట మేము నమ్మడం లేదని మెత్తగా చెప్పడమే అవుతుంది. “అసౌకర్యం కలిగింది” అనే వాక్యంలో చేసినవారు కనబడరు, అసౌకర్యం దానంతట అదే వచ్చిపడినట్టుంటుంది. పైగా ఆయన చెప్పిన మూడు విషయాలలో ఒక్కటీ జవాబులో లేదు, ఏ ఫిర్యాదు చేసినవారికైనా ఇదే జవాబు అతికించవచ్చు. ఇక “ఆదివారం రద్దీ సహజము” అన్నది, తెలిసీ ఎందుకు వచ్చారన్న ప్రశ్నలా వినబడుతుంది.

హోటల్ యజమాని, గుంటూరు:
మా హోటల్‌కు ఎన్నడూ రానివాళ్లు కూడా ఒక నక్షత్రం ఇచ్చి పోతున్నారండీ. అలాంటివి తీసివేయించే మార్గం చెప్పండి ముందు.

విశ్రాంత ప్రూఫ్ రీడర్:
అది వేరే సమస్యండీ. నకిలీదని అనుమానముంటే గూగుల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, కాని కేవలం మనకు నచ్చలేదని వారు తీసివేయరు. ఇక్కడ వచ్చిన మనిషి నిజంగా భోంచేసి వెళ్లినవాడే. అడిగినవారిని ఒకటి అడుగుతాను: ఆ రోజు ఉప్పు ఎందుకు ఎక్కువైందో వంటింట్లో కనుక్కున్నారా?

అడిగినవారు:
కనుక్కున్నామండీ. తాజా గోంగూర చాలక, ఉప్పు వేసి నిల్వ పెట్టిన గోంగూరను కలిపారట. మటన్‌కు మామూలుగా వేసే ఉప్పు అప్పటికే వేసి ఉంది. ఇకమీదట నిల్వ గోంగూర వాడిన రోజు దాన్ని కలిపి, రుచి చూసిన తరువాతే ఉప్పు వేయాలని చెప్పారు.

విశ్రాంత ప్రూఫ్ రీడర్:
అయితే జవాబు సగం సిద్ధమైనట్టే. ఇలా చూడండి:

“నమస్కారమండీ. ఆదివారం మీకు వడ్డించిన గోంగూర మటన్‌లో ఉప్పు ఎక్కువైంది, అది మా పొరపాటు. ఉప్పు వేసి నిల్వ ఉంచిన గోంగూర కలిపి, రుచి చూడకుండానే పంపించాము. ఇప్పుడు గోంగూర కలిపి, రుచి చూసిన తరువాతే ఉప్పు వేస్తున్నాము. 45 నిమిషాలు కూర్చోబెట్టినందుకు, మీరు చెప్పినప్పుడు వంటకం మార్చి ఇవ్వకపోగా అలా మాట్లాడినందుకు మన్నించండి.”

“మా వంటవాడు” అనకుండా “మేము” అన్నది గమనించండి. వంటవాడి మీదికి నెట్టితే యజమాని తప్పించుకున్నట్టు కనిపిస్తుంది.

హోటల్ యజమాని:
నేను ఒప్పుకోనండీ. నిల్వ గోంగూర వాడామని అందరిముందూ చెబితే, పాచి సరుకు అనుకుంటారు. వ్యాపారం చేసేవాడికే ఆ కష్టం తెలుస్తుంది.

విశ్రాంత ప్రూఫ్ రీడర్:
మీ భయం అర్థం లేనిది కాదు. జవాబును ఆ ఒక్కరి కన్నా, రేపు రాబోయేవారే ఎక్కువమంది చదువుతారు. కారణం దాచుకోవాలనుకుంటే ఆ ఒక్క వాక్యం తీసేయవచ్చు, కాని దిద్దుకున్న సంగతి చెప్పే వాక్యం ఉండాలి. నా మటుకు నేను కారణం ఉంచుతాను, ఎందుకంటే కనుక్కున్నారన్న నమ్మకం దానివల్లనే కలుగుతుంది.

కళాశాల విద్యార్థి:
చివర “మళ్లీ రండి, భోజనం ఉచితం, రేటింగ్ మార్చండి” అని చేర్చవచ్చా?

విశ్రాంత ప్రూఫ్ రీడర్:
వద్దు. సమీక్ష మార్చమని ఆశ చూపడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, అంతవరకూ చెప్పిన క్షమాపణ కూడా బేరంలా మారిపోతుంది. ఫోన్ నంబరు ఇచ్చి, మాట్లాడాలనుకుంటే యజమానికే చేయమనడం చాలు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒక్క సందేహం మిగిలింది. ఇకమీదట సర్వర్లు అలా మాట్లాడరని కూడా రాయమంటున్నారు బావగారు, కాని ఆ అబ్బాయితో ఆయన ఇంకా మాట్లాడనే లేదు.

విశ్రాంత ప్రూఫ్ రీడర్:
మాట్లాడేవరకూ ఆ వాక్యం రాయకండి. ఉప్పు సంగతి, ఆలస్యం సంగతి ఇప్పుడే పెట్టేయండి. గూగుల్‌లో మన జవాబును తరువాత సవరించుకోవచ్చు కనుక, ఆ అబ్బాయితో మాట్లాడిన రోజున మిగతాది చేర్చండి.