రిమోట్ లేని క్రోమ్‌కాస్ట్‌ను ఇతరులకు ఇచ్చే ముందు ఖాతాలన్నీ పూర్తిగా తొలగించడం ఎలా?

నమస్కారం. నా దగ్గరున్న క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీని తెలిసినవారికి ఇవ్వాలనుకుంటున్నాను, కానీ దాని రిమోట్ ఇప్పుడు లేదు కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేయలేకపోతున్నాను. ఫోన్‌లోని రిమోట్‌ను వాడదామంటే రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉండాలి. ఇటీవల రూటర్ మార్చడంతో క్రోమ్‌కాస్ట్ పాత నెట్‌వర్క్ కోసమే వెతుకుతోంది.

ప్రస్తుతానికి బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్ ఖాతా తెరిచి, `Manage access and devices` పేజీలో ఈ పరికరాన్ని సైన్ అవుట్ చేశాను. గూగుల్ ఖాతాలోని పరికరాల జాబితా నుంచి కూడా తీసివేశాను. అయితే ఇలా దూరం నుంచి చేసే సైన్ అవుట్ ఆయా సేవల ప్రవేశాన్ని మాత్రమే రద్దు చేస్తుంది. పరికరంలో దాచి ఉన్న వైఫై పాస్‌వర్డ్, మిగతా యాప్‌ల లాగిన్‌లు అలాగే ఉండిపోతాయి. నాకు ముఖ్యమైన ఆందోళన ఇదే.

పరికరం వెనుకనున్న బటన్‌ను, విద్యుత్ అందుతుండగా, పసుపు దీపం మిణుకుమని ఆ తర్వాత నిలకడగా తెల్లగా మారేవరకు నొక్కి పట్టుకుంటే రీసెట్ అవుతుందని తెలిసింది. ఇది మెనూ ద్వారా చేసే రీసెట్‌తో సమానంగా అన్నిటినీ చెరిపివేస్తుందా? మళ్లీ వెలిగినప్పుడు మొదటి సెటప్ తెర కనిపిస్తే దాన్ని తగిన రుజువుగా తీసుకోవచ్చా, లేక అంతకుముందు ఇంకేమైనా తొలగించాలా? ఈ పద్ధతిని స్వయంగా అనుసరించినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.