గొడవల్లేవు, మర్యాద ఉంది, అయినా ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంది. దీన్ని సమస్య అనొచ్చా?

ఎంవీపీ టీచర్
పెళ్లై పదమూడేళ్లు. ఆయనకి పరవాడలో ఫార్మా ఉద్యోగం, నేను స్కూల్లో టీచర్ని. గొడవలు లేవు. పొద్దున్నే కాఫీ కలిపిస్తారు, నా బండిలో పెట్రోలు ఉందో లేదో చూస్తారు. పోయిన నెల నాకు పదో తరగతి మొత్తం బాధ్యత ఇచ్చారు. ఆరేళ్లుగా ఎదురుచూసిన విషయం. చెబితే "మంచిది, కంగ్రాట్స్. పాప వ్యాన్ ఫీజు కట్టావా?" అన్నారు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అమ్మేమో "తాగడు, తిట్టడు, ఇంకేం కావాలే నీకు?" అంటుంది. ఆయనతో చెప్పాలా, సర్దుకోవాలా?

గాజువాక రిటైర్డ్
అమ్మా, నేను ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి రిటైరయ్యాను. సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇల్లు చేరేసరికి మా ఆవిడ కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేసి ఉంచేది. పిల్లల్ని చప్పుడు చేయనిచ్చేది కాదు. మేం కూర్చుని కబుర్లు చెప్పుకున్నది తక్కువే. అది ప్రేమ కాదంటే నేను ఒప్పుకోను. మీ ఆయన పెట్రోలు చూడటమూ అలాంటిదే. ఇప్పుడు ఇది ఆయన ముందు పెడితే తను చేసినదంతా వృథా అనుకుంటారు. సర్దుకోండి.

రైల్వే క్వార్టర్స్
అంత మర్యాదగా ఉంటున్నాడంటే బయట ఏదో ఉందన్నమాట. మా అక్క విషయంలో అదే జరిగింది. ఒకసారి ఆయన ఫోన్ చూడండి.

ఎంవీపీ టీచర్
లేదండీ. ఆయన ఫోన్ టేబుల్ మీదే ఉంటుంది, లాక్ కూడా నాకు తెలుసు. నేను అడిగింది అది కాదు.

మధురవాడ
నేను మీ ఆయనలాంటి వాణ్నే, అందుకే రాస్తున్నాను. మా ఆవిడ ఏం చెప్పినా "సరే", "బాగుంది" అనేవాణ్ని. వినడమంటే అంతే అనుకున్నాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చి మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. రాత్రిళ్లు మేడ మీద చాప వేసుకుని పడుకునేవాళ్లం. ఒక రాత్రి తను, మా అత్తగారి మోకాలి ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రిలో ఒక్కతే ఎలా కూర్చుందో చెప్పింది. అది జరిగి అప్పటికి రెండేళ్లు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నేనడిగితే, "చెప్పానుగా, నువ్వు 'సరే' అన్నావు" అంది. నాకసలు గుర్తే లేదు. కరెంటు వచ్చాక మళ్లీ మామూలే అయింది, అబద్ధం చెప్పను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

సీతమ్మధార కౌన్సెలర్
మధురవాడ గారు చెప్పిన ఆ "సరే" దగ్గరే ఆగుదాం.

మనకి మంచి జరిగినప్పుడు ఇంట్లోవాళ్లు స్పందించే తీరు గురించి షెల్లీ గేబుల్ అనే మనస్తత్వవేత్త పరిశోధించారు. వెటకారం చేయడం, పట్టించుకోకపోవడం నొప్పిస్తాయని అందరికీ తెలుసు. "మంచిది" అని మర్యాదగా ఒక్క ముక్కతో ముగించినా దగ్గరితనం పెరగదని ఆవిడ చూపించారు. పెంచేది తర్వాతి ప్రశ్న. "ఎవరు చెప్పారు? నీకేమనిపించింది?" టీచర్ గారికి అందనిది ఇదే. అభినందన అందింది, ప్రశ్న అందలేదు.

గాజువాక పెద్దాయన చెప్పినదాంట్లో సగం నిజం. దుప్పట్లు కట్టడం ప్రేమే. కానీ ఆవిడకి ఆయన నిద్ర ఎంత అవసరమో తెలుసు కాబట్టి కట్టింది. టీచర్ గారి లోపల ఏముందో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు అడగాలి.

గొడవ లేదు కదా అని నిశ్చింతగా ఉండలేం. గాట్‌మన్, లెవెన్సన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో 79 జంటలను పద్నాలుగేళ్లు గమనించి 2000లో ఫలితాలు రాశారు. వాళ్లలో కొన్ని జంటలు విడిపోయాయి. తీవ్రంగా గొడవపడేవాళ్లు తొందరగా విడిపోతే, సంతోషమన్నది లేకుండా చప్పగా మాట్లాడుకునేవాళ్లు చాలా ఏళ్లు కలిసి ఉండి విడిపోయారు. చిన్న లెక్క, వేరే దేశం. మన దగ్గర విడిపోవడానికి అడ్డుపడేవి వేరు. కానీ నా దగ్గరికి పెళ్లైన పదిహేనేళ్లకి వచ్చేవాళ్లు చాలావరకు ఇలా చప్పబడినవాళ్లే.

ఒక జంట గురించి చెబుతాను, ఆనవాళ్లు మార్చాను. ఆవిడ ఫిర్యాదూ మీలాంటిదే. వారం పాటు ఒక పుస్తకంలో రాయమన్నాను. తప్పులు కాదు, ఇద్దరిలో ఎవరు మాట మొదలుపెట్టినా, ఎంత చిన్నదైనా సరే, అవతలివాళ్లు ఏమన్నారో. వారం తర్వాత ఆవిడ మొహం చిన్నబోయింది. తను మొదలుపెట్టిన మాటలు పదకొండు, ఆయన మొదలుపెట్టినవి తొమ్మిది. "ఇవాళ అప్పుఘర్ దగ్గర అలలు రోడ్డు దాకా వస్తున్నాయి" అని ఆయన అంటే, చపాతీలు ఒత్తుతూ ఈవిడ "ఊఁ" అంది. ఆయన వచ్చి మాట్లాడిన తీరు ఇది. తన మనసు గురించి చెప్పడం రాదు, సముద్రం గురించి చెబుతాడు.

అప్పుడు ఇద్దరికీ ఒకటే పని ఇచ్చాను. రోజుకి ఒక్కసారి, జవాబు చెప్పాక ఒక ప్రశ్న అడగాలి. ఫీజులు, సరుకులు, పిల్లల చదువు ఆ ప్రశ్నలో రాకూడదు. మొదటి పది రోజులు ఇంటర్వ్యూలా ఉందని ఇద్దరూ విసుక్కున్నారు. మూడో వారంలో ఆయన తన ఆఫీసులో జరిగిన అవమానం ఒకటి బయటపెట్టాడు. ఆవిడ వెంటనే సలహా ఇచ్చింది, ఆయన మళ్లీ నోరు మూసుకున్నాడు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అడగనిదే సలహా ఇవ్వకండి.

టీచర్ గారూ, చెప్పండి. కానీ "మీరు ఎప్పుడూ పట్టించుకోరు" అని కాకుండా ఆ ఒక్క రోజే పట్టుకోండి. "ఆ రోజు నేను చెప్పినదాని గురించి మీరు ఇంకొంచెం అడుగుతారని ఆశపడ్డాను" అనండి.

పెదవాల్తేరు
మేడమ్, గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేర్పించి అడిగించుకుంటే ఆ ప్రశ్న నాది అవుతుంది, ఆయనది ఎలా అవుతుంది? నేను నాలుగేళ్లు చెప్పి చూశాను. చెప్పిన వారం అడిగేవాడు, తర్వాత మర్చిపోయేవాడు. ప్రతిసారీ గుర్తుచేయాల్సి రావడం ఇంకా పెద్ద అవమానం. నేను అడగడం మానేశాక నాకు నిద్ర పడుతోంది.

సీతమ్మధార కౌన్సెలర్
మీ అలసట నిజం. ఒకరు ఏళ్ల తరబడి వెంటపడి విసిగి ఆగిపోయిన చోట, ఇల్లు ప్రశాంతంగా ఉందని రెండో మనిషి అనుకుంటాడు. అప్పుడు ఒకరు ప్రయత్నిస్తే చాలదు, ఇద్దరూ కలిసి ఎవరి దగ్గరైనా కూర్చోవాలి. భర్తకి ఇంట్లోనే కాదు, స్నేహితుల దగ్గరా, ఆడే క్యారమ్స్‌లోనూ ఉత్సాహం పోయి, నిద్ర, ఆకలి తగ్గి ఉంటే డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి. భయం వల్ల మర్యాదగా ఉండేవాళ్లకి ఈ ప్రశ్నల పద్ధతి చెప్పను, వాళ్లకి ముందు రక్షణ కావాలి. నేర్చుకున్న ప్రశ్న సొంతమవుతుందా అంటే, కొందరికి అయింది, కొందరికి కాలేదు.

గాజువాక రిటైర్డ్
మా ఆవిడ పోయి మూడేళ్లు. ఆ దుప్పట్లు కట్టేటప్పుడు ఆవిడ ఏమనుకునేదో నేను ఎప్పుడూ అడగలేదు. టీచరమ్మా, సర్దుకోమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎంవీపీ టీచర్
ఐదు రోజులుగా రాస్తున్నాను. నావి ఆరు, ఆయనవి నాలుగు. నిన్న రాత్రి ఆయన "రైతు బజార్లో మీ నాన్నగారికి ఇష్టమైన చామదుంపలు కనిపించాయి" అన్నారు. నేను "ఆహా" అని పేపర్లు దిద్దుకున్నాను. రాసుకుంటుంటే తెలిసింది. నాన్న పోయి ఎనిమిది నెలలు. ఆయన కొనలేదు, కనిపించాయని మాత్రమే చెప్పారు. ఇవాళ ఆయనది రాత్రి షిఫ్టు, పొద్దున్న ఏడింటికి వస్తారు. ముందు నా విషయం చెప్పాలా, ఆ చామదుంపల సంగతి అడగాలా అని ఆలోచిస్తున్నాను.