మహాలక్ష్మి నమోస్తుతే: ‘క్ష్మి’ హ్రస్వమా, దీర్ఘమా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
మేము ప్రతి శుక్రవారం మహాలక్ష్మ్యష్టకం పారాయణ చేస్తాము. ‘శంఖచక్రగదాహస్తే మహాలక్ష్మి నమోస్తుతే’ అన్న పాదాన్ని బృందంలో అందరూ ‘మహాలక్ష్మీ’ అని దీర్ఘం తీసి పాడుతున్నారు, పుస్తకంలో మాత్రం హ్రస్వమే అచ్చయింది. అమ్మవారిని పిలుస్తున్నాము కాబట్టి దీర్ఘమే సహజమని నాకు తోస్తున్నది. ఏది సరి?

ఒక సభ్యుడు:
రెండూ సరి కావండి. నమః శబ్దం వచ్చినప్పుడు చతుర్థీ విభక్తి రావాలని చదువుకున్నాము. ‘రామాయ నమః’ అన్నట్టే ఇక్కడ ‘మహాలక్ష్మ్యై’ అని ఉండాలి.

మరొక సభ్యురాలు:
మా అమ్మాయి పేరు జనన ధ్రువపత్రంలో ‘లక్ష్మీ’ అని పడింది, బడి రికార్డులో ‘లక్ష్మి’ అని ఉంది. పేరుకు ఏది శుద్ధరూపమో కూడా ఎవరైనా చెప్పగలరా?

విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు:
చతుర్థి గురించి చెప్పిన సూత్రం నిజమే, కాని ఆ చతుర్థి ఈ పాదంలోనే ఉంది. ‘నమోస్తుతే’ను విడదీస్తే నమః, అస్తు, తే అని మూడు పదాలు వస్తాయి. ‘తే’ అంటే నీకు. నమస్కారం ఆ ‘నీకు’తో పూర్తయింది కనుక, ‘మహాలక్ష్మి’ వాక్యానికి పక్కన నిలిచిన పిలుపు మాత్రమే. ‘మహాలక్ష్మ్యై నమః’ అని అర్చనలో అనేటప్పుడు ఎదుట ‘తే’ ఉండదు, అందుకే పేరే చతుర్థిలోకి వెళ్తుంది.

ఇక హ్రస్వం సంగతి. సంస్కృతంలో ఈకారాంత స్త్రీలింగ శబ్దాలలో నదీ, దేవీ, లక్ష్మీ వంటివి సంబోధనలో చివరి అచ్చును కుదించుకుంటాయి. అష్టాధ్యాయిలో ‘అంబార్థనద్యోర్హ్రస్వః’ అన్న సూత్రం (7-3-107) చెప్పేది ఇదే. అందువల్లనే అదే స్తోత్రంలో ‘దేవి’, ‘మహేశ్వరి’ అని హ్రస్వాలు కనిపిస్తాయి. ఆకారాంతాల దారి వేరు. మహామాయా శబ్దం ‘మహామాయే’ అవుతుంది, సురపూజితా శబ్దం ‘సురపూజితే’ అవుతుంది. అంబ మాత్రం ఆ గుంపులో చేరకుండా ‘అంబే’ కాక ‘అంబ’గా నిలుస్తుంది.

ఛందస్సు మనకు ఇక్కడ తోడు రాదు. ‘క్ష్మి’ పాదంలో నాలుగో అక్షరం, అక్కడ గురువైనా లఘువైనా అనుష్టుప్పు చెడదు. అందుకే చెవికి తప్పు తెలియదు. తెలుసుకోవాలంటే ‘పరమేశి జగన్మాతర్మహాలక్ష్మి నమోస్తుతే’ అన్న చోటు చూడండి. ‘జగన్మాతా’ అని ఉంటే అది ప్రథమ అయ్యేది. ‘జగన్మాతః’ అన్న సంబోధనలోని విసర్గ ‘మ’ ముందు రేఫగా మారి ‘జగన్మాతర్’ అయింది. దాని పక్కనే ఉన్న ‘మహాలక్ష్మి’ కూడా పిలుపే. ఆ రేఫను వదిలేసి ‘జగన్మాతా’ అని పాడే వారిని చాలాసార్లు విన్నాను, అది నాకు దీర్ఘం కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

పేరు విషయంలో, అమ్మా, తత్సమం తెలుగులోకి వచ్చినప్పుడు గౌరీ గౌరి అయినట్టే లక్ష్మీ లక్ష్మి అవుతుంది. సమాసంలో ‘లక్ష్మీదేవి’ అని దీర్ఘం నిలుస్తుంది. ధ్రువపత్రంలో ఏది ఉంచాలన్నది మీ ఇష్టం.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
చాలా స్పష్టంగా చెప్పారు మాస్టారూ. అయితే దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చింది?

విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు:
మీరు ఇప్పుడు నన్ను పిలిచిన పిలుపులోనే ఉన్నదమ్మా. మాస్టారు అన్న పదం మీ నోట ‘మాస్టారూ’ అయింది. తెలుగులో పిలుపు చివరి అచ్చును సాగదీస్తుంది. రాముడు ‘రామా’ అవుతాడు, లక్ష్మి ‘లక్ష్మీ’ అవుతుంది, పలువురిని పిలిస్తే ‘అక్కలారా’ అంటాము. ముందు ‘ఓ’ పెట్టినా మానినా ఆ దీర్ఘం పోదు. సంస్కృతం కుదించే చోట మన భాష సాగదీస్తుంది కాబట్టి, స్తోత్రం పాడుతున్నా మన నాలుక ఇంటి అలవాటునే పాటిస్తున్నది.

ఇంకొక సభ్యుడు:
సంస్కృతంలోనూ పిలుపును సాగదీయడం ఉంది కదా? ‘దూరాద్ధూతే చ’ అని ప్లుతం చెప్పారు. దేవతను దూరం నుంచి పిలుస్తున్నామని అనుకుంటే ‘మహాలక్ష్మీ’ ఎందుకు కుదరదు?

విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు:
మంచి ప్రశ్న. ఆ ప్లుతం వాక్యం చివరి అచ్చుకు వస్తుంది, ఇక్కడ వాక్యం చివర ఉన్నది ‘తే’. పైగా ‘హే’ వాడి దూరం నుంచి పిలిస్తే సాగేది పేరు కాదు, ఆ ‘హే’ శబ్దమే. తర్వాతి సూత్రం (8-2-85) ఆ మాటే చెబుతుంది. ‘హే’ను మూడు మాత్రలు పలికి ‘రామ’ను మామూలుగా విడిచిపెట్టాలి. మనం ‘హే రామా’ అన్నప్పుడు సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాము.

అదే సభ్యుడు:
వ్యాకరణం ఒప్పుకుంటాను. కాని భక్తుడి నోట తరతరాలుగా నిలిచిన దీర్ఘాన్ని తప్పు అనడానికి నా మనసు ఒప్పుకోదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
మా బాణీలో ‘క్ష్మి’ మీదే స్వరం నిలుస్తుంది. హ్రస్వంగా పలికితే ఆ నిలకడను ‘హా’ మీదకు జరపాలి. వచ్చే శుక్రవారం ముందుగా ‘జగన్మాతర్’ను సరిచేసి, దీర్ఘం సంగతి బృందంలోని పెద్దవారిని అడుగుతాను.